ఫిర్యాదు మీటింగులో మినిట్స్ రాసే మనిషి

కమిటీ ఒక ప్రశ్న అడిగింది. సూపర్‌వైజర్ కాసేపు ఆగి, ‘గుర్తులేదు సార్’ అన్నారు. రెండు రోజుల తర్వాత టైపై వచ్చిన మినిట్స్‌లో అదే మాట ‘సూపర్‌వైజర్ ఆరోపణను ఖండించారు’ అయి కూర్చుంది. గుర్తులేదనడం వేరు, ఖండించడం వేరు. ఖండించిన మనిషి రేపు రికార్డులో దొరికిపోతే అబద్ధమాడినట్టు లెక్క. గుర్తులేదన్న మనిషికి ఆ తిప్పలు లేవు. ఫిర్యాదు చేసిన కార్మికుడికీ నష్టమే: తన మాటను అవతలి మనిషి నిండుగా కాదనలేకపోయాడన్న సంగతి కాగితం మీద లేకుండా పోయింది. రాసినామెకు ఇద్దరిలో ఎవరి మీదా ప్రేమా లేదు, కోపమూ లేదు. ఆఫీసు కాగితాల్లో రోజూ తగిలే మాటే చేతికి వచ్చింది, రాసేసింది.

ఫ్యాక్టరీల్లో, కంపెనీల్లో ఉద్యోగుల ఫిర్యాదులు వినే మీటింగుల్లో మినిట్స్ రాసే పని తరచుగా ఇలాగే జరుగుతుంది. హెచ్చార్‌లో అందరికంటే జూనియర్‌ని పిలిచి ‘నువ్వు రాసుకో’ అంటారు. ఏం రాయాలో, ఏం రాయకూడదో ఎవరూ చెప్పరు. కానీ ఆ కాగితం చాలా దూరం వెళుతుంది. 20 మంది లేక అంతకంటే ఎక్కువమంది కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. 2010లో పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించినప్పుడు ఈ ఏర్పాటు వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఇది 4వ సెక్షన్. కమిటీలో యాజమాన్యం వైపు, కార్మికుల వైపు సమానంగా మొత్తం 10 మంది దాకా ఉండొచ్చు. అక్కడ తేలకపోతే, లేదా తేలిన తీరు నచ్చకపోతే, కార్మికుడు తన యూనియన్ ద్వారా కన్సిలియేషన్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆ ఆఫీసర్ ఆ రోజు ఆ గదిలో లేడు. ఆయన ముందుకొచ్చేది ఫైలు, ఆ ఫైల్లో మినిట్స్.

తటస్థంగా రాయడమంటే రెండు వైపులా చెరో నాలుగు వాక్యాలు కేటాయించడమని కొందరి అభిప్రాయం. ఒకాయన అరగంట మాట్లాడి, ఇంకొకాయన రెండు మాటలతో సరిపెడితే కాగితం మీద అరగంట అరగంటలాగే, రెండు మాటలు రెండు మాటల్లాగే కనిపించాలి. ఏ మాట ఎవరిదో విడివిడిగా తెలియాలి. విన్నదాని నుంచి రాసే మనిషి తీసిన అర్థం మాత్రం కాగితం మీదకు రాకూడదు. చెప్పినంత సులువు కాదిది. ఒక ఉదాహరణ వేసుకుని చూద్దాం.

మూడు షిఫ్టుల ఫ్యాక్టరీ. ప్యాకింగ్ సెక్షన్‌లో ఒక మెషిన్ ఆపరేటర్. 12వ తేదీన ఉదయం 6కు వచ్చాడు, మధ్యాహ్నం 2కు వెళ్లాలి. రిలీవర్ రాలేదు. సూపర్‌వైజర్ ఉండమంటే రాత్రి 10 దాకా ఉన్నానని, ఆ ఓటీ జీతంలో పడలేదని, అడిగితే అందరి ముందూ అవమానించారని అతని ఫిర్యాదు. మీటింగులో ఒక ముక్క ఇలా నడిచిందనుకుందాం.

చైర్మన్: ‘12న రెండో షిఫ్టులో ఆ మెషిన్ ఎవరు నడిపారు?’ సూపర్‌వైజర్ కాసేపు మాట్లాడలేదు. చైర్మన్ మళ్లీ అడిగారు. సూపర్‌వైజర్: ‘గుర్తులేదు సార్. నేనైతే అతన్ని ఉండమనలేదు.’ ఆపరేటర్: ‘అనలేదా? రిలీవర్ రాలేదు, నువ్వే నడుపు, ఓటీ రాయిస్తానన్నారు కదా సార్! పంచింగ్ చూడండి, పది దాటాకే బయటికెళ్లాను.’ సూపర్‌వైజర్: ‘రిలీవర్ రాకపోతే ఎవరో ఒకరు నడపాలి కదండీ. ఓటీ స్లిప్పు మీద మేనేజర్ గారి సంతకం లేకుండా నేనేం చేసేది?’ కార్మికుల తరఫు సభ్యుడు: ‘అంటే అతనే నడిపాడన్నమాటే కదా?’ సూపర్‌వైజర్: ‘నేనలా అనలేదు.’ ఆపరేటర్: ‘జీతాల రోజు అడిగితే, ఇష్టం లేకపోతే మానెయ్, గేటు బయట పదిమంది ఉన్నారన్నారు సార్.’ అతని గొంతు పూడుకుపోయింది, కళ్లు తుడుచుకున్నాడు. చైర్మన్: ‘పది నిమిషాలు ఆగుదాం.’

దీన్ని ఒకరు ఇలా రాశారనుకోండి: ‘సూపర్‌వైజర్ దాటవేత సమాధానాలిచ్చారు. రిలీవర్ రాకపోవడంతో ఆపరేటర్‌తోనే మెషిన్ నడిపించినట్టు పరోక్షంగా అంగీకరించారు. జరిగిన అవమానానికి ఆపరేటర్ తీవ్ర ఆవేదన చెందారు.’ ఇందులో సూపర్‌వైజర్ నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటీ లేదు. ‘పరోక్షంగా అంగీకరించారు’ అన్నది కార్మికుల తరఫు సభ్యుడు తీసిన అర్థం. సూపర్‌వైజర్ అక్కడికక్కడే కాదన్నారు, ఆ కాదన్న మాట మినిట్స్‌లో మాయమైంది. ‘జరిగిన అవమానం’ అనడంతో కమిటీ తేల్చాల్సిన రెండో అంశాన్ని రాసే మనిషే తేల్చేసినట్టయింది.

ఇంకొకరు ఇలా రాశారు: ‘ఆపరేటర్ తనంతట తానే రెండో షిఫ్టులో ఉండిపోయాడని, ఓటీకి అనుమతి లేదని సూపర్‌వైజర్ గారు స్పష్టం చేశారు. ఆపరేటర్ ఆవేశంగా వాదించి, చివరికి ఏడ్చాడు.’ తనంతట తానే ఉండిపోయాడని సూపర్‌వైజర్ ఎక్కడా అనలేదు. నేను ఉండమనలేదన్నారు. రెంటికీ మధ్య చాలా ఖాళీ ఉంది. మేనేజరో, ఇంకో సూపర్‌వైజరో ఉండమని ఉండొచ్చు. ఆ ఖాళీని రాసే మనిషి తన ఊహతో పూడ్చేశారు. పైగా చైర్మన్ ఒకే ప్రశ్న రెండుసార్లు అడగాల్సి వచ్చిందన్న సంగతే రాలేదు. పంచింగ్ రికార్డు చూడమన్న కోరికా రాలేదు. ఫిర్యాదును గట్టిగా నిలబెట్టేదీ, లేదా పడగొట్టేదీ ఆ రికార్డే కదా.

ఆ ముక్క ఇలా ఉంటే చాలు:

‘12వ తేదీ రెండో షిఫ్టులో మెషిన్ ఎవరు నడిపారని చైర్మన్ అడిగారు. సూపర్‌వైజర్ వెంటనే సమాధానం చెప్పలేదు. చైర్మన్ మళ్లీ అడగగా, “గుర్తులేదు” అన్నారు. ఆపరేటర్‌ను ఉండమని తాను చెప్పలేదన్నారు. “రిలీవర్ రాలేదు, నువ్వే నడుపు, ఓటీ రాయిస్తా” అని సూపర్‌వైజర్ తనతో అన్నారని ఆపరేటర్ చెప్పారు. రాత్రి 10 దాటాకే వెళ్లానని, పంచింగ్ రికార్డు చూడమని కోరారు. రిలీవర్ రాకపోతే ఎవరో ఒకరు నడపాలని, మేనేజర్ సంతకం లేకుండా ఓటీ స్లిప్పు విషయంలో తానేమీ చేయలేనని సూపర్‌వైజర్ అన్నారు. ఆపరేటరే నడిపారని దాని అర్థమా అని కార్మికుల తరఫు సభ్యుడు అడిగారు. తాను అలా అనలేదని సూపర్‌వైజర్ చెప్పారు. జీతాల రోజున తోటివారి ముందు సూపర్‌వైజర్ “ఇష్టం లేకపోతే మానెయ్, గేటు బయట పదిమంది ఉన్నారు” అన్నారని ఆపరేటర్ చెప్పారు. ఇది చెబుతూ కళ్లు తుడుచుకున్నారు. 11.20కి చైర్మన్ 10 నిమిషాల విరామం ఇచ్చారు.’

ఇది మాటకు మాట కాదు. చేత్తో రాసే మనిషి మాటల వేగాన్ని అందుకోలేదు, అందుకోనక్కర్లేదు కూడా. చాలావరకు సారాంశమే. అయితే మూడుచోట్ల మాటల్ని ఉన్నవున్నట్టు కొటేషన్లలో పెట్టాం. ఉండమన్నారని చెబుతున్న మాట, గుర్తులేదన్న మాట, అవమానం అంటున్న మాట. వివాదమే ఆ మాటల మీద ఉంది కాబట్టి వాటిని కుదించే హక్కు రాసే మనిషికి లేదు. బూతు అయినా అంతే. ‘అసభ్య పదజాలం వాడారు’ అని రాస్తే, ఎంత అసభ్యమో తేల్చాల్సిన కమిటీకి ఏమీ మిగలదు. రాయడానికి ఇబ్బందిగా ఉంటుంది, నిజమే. అయినా రాయాలి. మిగతాచోట్ల, అంటే షిఫ్టుల పద్ధతి వివరించడం, చెప్పిందే మూడుసార్లు చెప్పడం లాంటి వాటిని ఒక్క వాక్యంలోకి తెచ్చినా ఎవరికీ నష్టం లేదు.

కన్నీళ్లు రాయాలా వద్దా అని చాలామందికి సందేహం. కంటికి కనిపించినది రాయొచ్చు, మనసులో ఏముందో రాయకూడదు. ‘కళ్లు తుడుచుకున్నారు’ అన్నది కనిపించింది. ‘తీవ్ర ఆవేదన చెందారు’ అన్నా, ‘సానుభూతి కోసం ఏడ్చారు’ అన్నా రెండూ ఊహలే. విరామం ఎందుకిచ్చారో తెలియాలి గనుక ఇక్కడ కన్నీళ్లు అవసరమయ్యాయి. మౌనం కూడా ఇలాంటిదే. ప్రశ్న వేసినప్పుడు జవాబు రాకపోతే చాలామంది ఆ ప్రశ్ననే వదిలేస్తారు, మాట లేదు కదా ఏం రాస్తామని. ‘సమాధానం చెప్పలేదు’ అన్నది కూడా జరిగిన సంగతే.

తెలుగులో రాసేటప్పుడు ఇంకో చిక్కుంది. మన క్రియాపదాలకే పక్షపాతం ఎక్కువ. వాపోయారు, నిలదీశారు, బుకాయించారు, దబాయించారు, కొట్టిపారేశారు – పేపర్లు చదివి చదివి ఇవి కలానికి అంటుకుపోయాయి. వార్తకు రుచి తెస్తాయేమో గానీ, మినిట్స్‌లో ప్రతిదీ ఒక చిన్న తీర్పు. అన్నారు, చెప్పారు, అడిగారు, కోరారు – ఈ నాలుగింటితో మీటింగు మొత్తం రాసేయొచ్చు. చదవడానికి చప్పగా ఉంటుంది, ఉండనివ్వండి. ‘ఒప్పుకున్నారు’ అనే మాట మాత్రం ఆ మనిషి నోటితో ‘అవును, చేశాను’ అన్నప్పుడే వాడాలి. ఇక గౌరవవాచకాల సంగతి. పై రెండో నమూనా మళ్లీ చూడండి: సూపర్‌వైజర్ ‘గారు స్పష్టం చేశారు’, ఆపరేటర్ ‘ఏడ్చాడు’. గదిలో సూపర్‌వైజర్ అతన్ని ‘నువ్వు’ అనొచ్చు, అతను సూపర్‌వైజర్‌ని ‘సార్’ అనొచ్చు, అది వాళ్ల వాడుక. కాగితం మీద అందరికీ ఒకటే మర్యాద. అందరూ ‘అన్నారు’, ఎవరికీ ‘గారు’ లేదు. మేనేజింగ్ డైరెక్టర్ వచ్చి కూర్చున్నా అంతే.

‘సరే’ అనే మాట దగ్గరా జాగ్రత్త కావాలి. ‘పంచింగ్ రికార్డే ఫైనల్ అనుకుందామా?’ అని చైర్మన్ అంటే ఆపరేటర్ ‘సరే సార్’ అన్నాడు. ఒప్పుకున్నాడా, లేక విన్నానని అన్నాడా? పెద్దవాళ్ల ముందు మనం అనే సరేల్లో సగం రెండో రకమే. ఇలాంటప్పుడే రాసే మనిషి నోరు తెరవొచ్చు. ‘ఒప్పుకున్నట్టు రాయమంటారా సార్?’ అని చైర్మన్‌ని అడిగితే, ఆయన ఆపరేటర్‌ని అడుగుతారు. మెల్లగా చెప్పమనడం, తేదీ మళ్లీ అడగడం, ఇలా స్పష్టత కోరడం – రాసే మనిషి మాట్లాడదగినవి ఇంతవరకే. ‘నాకు తెలుసు సార్, ఆ రోజు రిలీవర్ నిజంగానే రాలేదు’ అన్న క్షణం ఆమె సాక్షి అయిపోతుంది, ఇక మినిట్స్ ఇంకొకరు రాయాలి. అందుకే ఆ సెక్షన్‌లో పనిచేసేవాళ్లనూ, ఆ సూపర్‌వైజర్ కింద ఉండేవాళ్లనూ ఈ పనికి కూర్చోబెట్టకూడదు.

చట్టం తెలిసిన మనిషి రాస్తుంటే ఇంకో ప్రలోభం ఎదురవుతుంది. వరసగా 16 గంటల పని అనగానే ‘నిబంధనలకు విరుద్ధంగా’ అని ముందు తగిలించబుద్ధవుతుంది. ఆ మాట మీటింగులో ఎవరైనా అంటే వాళ్ల పేరు మీద రాయాలి. ఎవరూ అనకపోతే అది నిజమే అయినా మినిట్స్‌లో చోటు లేదు.

వదిలేయాల్సినవి నిజానికి కొన్నే. విరామంలో టీ తాగుతూ అనుకున్న మాటలు రాయకూడదు, మీటింగు ఆగింది కాబట్టి. ఇరుపక్షాల్నీ బయటికి పంపి సభ్యులు తమలో తాము చర్చించుకున్నదీ ఈ మినిట్స్‌లోకి రాదు. నిర్ణయం, దానికి కారణాలు వేరే కాగితంగా వస్తాయి. ఇంటి సంగతులు, జబ్బుల వివరాలు ఫిర్యాదుకు కావలసినంత వరకే రాయాలి. ఆ సాయంత్రం భార్యకు డయాలసిస్ ఉందని, అయినా ఉండాల్సి వచ్చిందని ఆపరేటర్ చెబితే, ‘ఆ సాయంత్రం భార్యను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి ఉండిందని చెప్పారు’ అంటే సరిపోతుంది. ఆమె జబ్బు పేరు ఫైల్లో పదేళ్లు ఉండాల్సిన పనిలేదు. మహిళా ఉద్యోగి ఎవరైనా మాటల మధ్యలో లైంగిక వేధింపు సంగతి ఎత్తితే మాత్రం దారి మారుతుంది. అది 2013 చట్టం కింద అంతర్గత కమిటీ చూడాల్సినది. ఆ చట్టంలోని 16వ సెక్షన్ ఫిర్యాదు వివరాల్నీ, సంబంధించినవాళ్ల గుర్తింపునీ బయటపెట్టకూడదంటుంది. చైర్మన్ ఆమెను అక్కడితో ఆపి అంతర్గత కమిటీ దారి చెప్పాలి. మినిట్స్‌లో ‘వేరే కమిటీ పరిధిలోని అంశం ప్రస్తావనకు వచ్చింది, అక్కడ ఫిర్యాదు చేయొచ్చని చైర్మన్ తెలియజేశారు’ అని మాత్రమే ఉండాలి.

‘ఇది రాయొద్దు’ అని ఎవరైనా అంటే? రాసే మనిషి తనంతట తాను ఆపకూడదు, రాయకూడదు. చైర్మన్ వైపు చూడాలి. రాయకూడని మాట ఇక్కడ మాట్లాడకూడదు అని మీటింగు మొదట్లోనే చైర్మన్ చెప్పేస్తే ఈ గొడవే ఉండదు. ఫోన్లలో రికార్డింగ్ సంగతి కూడా అప్పుడే అందరి ఎదుటా తేల్చుకోవాలి.

భాష సంగతి వదిలేస్తే పని సగమే అయినట్టు. మీటింగంతా తెలుగులో జరుగుతుంది, చాలా సంస్థల్లో మినిట్స్ మాత్రం ఇంగ్లీషులో పుడతాయి. వినడం, కుదించడం, అనువదించడం మూడూ ఒకే చెయ్యి ఒకేసారి చేస్తుంటే ‘గుర్తులేదు’ లాంటివి ఎటైనా జారిపోతాయి. నా సలహా, గదిలో తెలుగులోనే రాసుకోవాలి. ఇంగ్లీషు ప్రతి కావాలంటే తర్వాత చేసుకుని, కొటేషన్లలో పెట్టిన మాటల్ని అందులోనూ తెలుగులోనే ఉంచాలి. చదవలేని కాగితం మీద సంతకం పెట్టించే ముందు దాన్ని తెలుగులో చదివి వినిపించాలి. వినిపించామని, ఎవరు వినిపించారో ఆ కింద రాయాలి.

మీటింగు అయిన రోజే, మరీ కాకపోతే మర్నాడు, టైపు చేయాలి. చేతిరాత కాగితాలు పారేయకూడదు. పేజీలకు నంబర్లు వేసి, కొట్టివేతలు కనిపించేలాగే ఉంచి ఫైల్లో పెట్టాలి. తర్వాత ఎప్పుడైనా కేసు నడిచి, రాసినామెను సాక్షిగా పిలిస్తే, జరిగినప్పుడే తాను రాసుకున్నది చూసి జ్ఞాపకం తెచ్చుకునే వీలు 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉంది. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ కొనసాగింది. ఆరు నెలల తర్వాత శుభ్రంగా తిరగరాసిన ప్రతికి ఆ విలువ రాదు.

అసలు పరీక్ష ప్రతులు ఇరువైపులా వెళ్లాక మొదలవుతుంది. మన సూపర్‌వైజర్ తిరిగొచ్చి, ‘గుర్తులేదు అని తీసేసి, ఆ రోజు నేను సెలవులో ఉన్నాను అని రాయండి’ అంటారు. రాసే మనిషి ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి: ఆయన చెబుతున్నది తాను తప్పుగా విన్న సంగతా, ఆయనకు తర్వాత తోచిన సంగతా? తేదీ 12 బదులు 21 అని పడితే, చేతిరాతలో చూసుకుని దిద్ది, దిద్దినట్టు ఇరువైపులా చెప్పాలి. తర్వాత తోచినదైతే మూలంలో అక్షరం మారకూడదు. ఆయన మాటను ఆయన చేతే రాయించి, తేదీ వేయించి, అనుబంధంగా జత చేయాలి. ఆయన నిజంగానే సెలవులో ఉండి ఉండొచ్చు, హాజరు పట్టీ చెబుతుంది. కానీ మీటింగులో ఆ మాట అనలేదన్నదీ నిజమే. ఆపరేటర్ వచ్చి ‘నేనింకా చాలా చెప్పాను’ అన్నా ఇదే పద్ధతి. సంతకం చేయనంటే బలవంతం లేదు: ‘ప్రతి అందజేశాం, సంతకానికి నిరాకరించారు’ అని తేదీతో రాస్తే చాలు. ‘ప్రతి అందింది’ అని ఒక గడి, ‘ఇందులోని విషయాలు సరైనవి’ అని ఇంకో గడి విడిగా పెడితే సగం పేచీలు తగ్గుతాయి.

చివరగా నిర్ణయం కాగితం. ఇక్కడ ‘మెజారిటీతో నిర్ణయించారు’ అని రాసి ఊరుకుంటే చట్టం లెక్కలో అది అసంపూర్తి. కోడ్ ప్రకారం మెజారిటీ ఉంటే సరిపోదు, కార్మికుల తరఫు సభ్యుల్లో సగానికి మించి ఒప్పుకుని ఉండాలి. లేకపోతే కమిటీ ఏ నిర్ణయానికీ రానట్టే. ఆరుగురి కమిటీలో యాజమాన్యం వైపు ముగ్గురూ, కార్మికుల వైపు ఒకరూ కలిసి నలుగురైతే మెజారిటీ వచ్చినట్టే కనిపిస్తుంది. కానీ కార్మికుల వైపు ముగ్గురిలో ఒక్కరే కాబట్టి నిర్ణయం లేదు. అందుకని ఏ వైపు నుంచి ఎంతమంది అవునన్నారో, ఎంతమంది కాదన్నారో విడివిడిగా రాయాలి. ఆపరేటర్ అర్జీ కమిటీకి ఏ తేదీన అందిందో, నిర్ణయం ఏ తేదీన జరిగిందో కూడా ఆ కాగితం మీదే ఉండాలి. అర్జీ అందిన 30 రోజుల్లో కమిటీ పని పూర్తిచేయాలి. కన్సిలియేషన్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లడానికి కార్మికుడికున్న 60 రోజుల గడువు నిర్ణయం జరిగిన తేదీ నుంచి లెక్కకొస్తుంది. నిర్ణయమే రాకపోతే ఆ 30 రోజులు ముగిసిన నాటి నుంచి.